స్కూల్ మొదటి రోజు ఫొటో అత్తయ్య ఫేస్‌బుక్‌లో పెట్టారు, తీసేయమనడం తప్పా?

సాహితి_ఎల్బీనగర్:
పాప ఎల్‌కేజీలో చేరింది. యూనిఫాంలో స్కూల్ గేటు ముందు తీసిన ఫొటోని మా అత్తయ్య పూర్తి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టేశారు. తీసేయండి అంటే "నా మనవరాలి ఫొటో నేను పెట్టుకోకూడదా" అని అలిగారు. నేను ఎక్కువ చేస్తున్నానా? అమెరికాలో ఉన్న ఆడపడుచుకీ ఊళ్ళో వాళ్ళకీ చూపించే వేరే దారి ఉందా?

నెల్లూరు_నానమ్మ:
అమ్మా, పసిపిల్లల్ని అందరికీ చూపిస్తే దిష్టి కొడుతుంది, మా మనవడికి బారసాల ఫొటోలు పెట్టిన రాత్రంతా ఒకటే ఏడుపు. ఉప్పు మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వెయ్యి. అత్తగారితో మాత్రం గొడవ పడకు తల్లీ.

కిరణ్_కోడ్:
దిష్టి సంగతి అటుంచితే ఫొటోలో జీపీఎస్ ఉంటుందండీ, ఫేస్‌బుక్ నుంచి ఎవడైనా డౌన్‌లోడ్ చేస్తే ఇంటి అడ్రస్ దొరికిపోతుంది. వాట్సాప్‌లో అయితే ఎన్‌క్రిప్షన్ ఉంది, నో టెన్షన్.

మాధవి_వైజాగ్:
కిరణ్ గారూ, జీపీఎస్ ఫొటోలో ఉండొచ్చు, నిజమే, కానీ ఫేస్‌బుక్‌లో కనిపించే ఫొటోలో అది తీసేసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపినా పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే అలాగే వెళ్తుంది. ఎన్‌క్రిప్షన్ దారిలో ఎవరూ చూడకుండా ఆపుతుంది అంతే, అందుకున్న పిన్నిగారు పదిమందికి ఫార్వర్డ్ చేస్తే ఏం చేయగలదు?

సాహితి గారూ, మీ ఫొటోలో అసలు సమస్య జీపీఎస్ కాదు. యూనిఫాం చూస్తే స్కూల్ తెలుస్తుంది, గేటు మీద బ్రాంచ్ ఉంటుంది, ఎల్‌కేజీ అన్నారు కాబట్టి వయసు తెలిసింది, పైన పూర్తి పేరు. అత్తయ్య గారి ప్రొఫైల్‌లో మీవారి పేరూ ఉంటుంది కదా, ఇక పుట్టినరోజు పోస్ట్ కూడా ఉంటే తేదీ కూడా వచ్చేసినట్టే. ఇవన్నీ తెలిసినవాడు పాపని పేరు పెట్టి పిలిచి "నాన్న పంపించారు" అనగలడు. స్నానం ఫొటోలు, బట్టల్లేని ఫొటోలు మాత్రం ఎంత ముద్దొచ్చినా ఎక్కడా పెట్టకండి, వాటిని ఏరుకునే వాళ్ళు ఉన్నారు.

ముందు ఆ పోస్ట్ తీయించండి, లేదా కనీసం Public నుంచి Friends కి మార్చి పేరు తీసేయమనండి. పాత పోస్టులన్నీ ఒక్కొక్కటీ వెతక్కుండా సెట్టింగ్స్‌లో Limit past posts నొక్కితే Public గా ఉన్నవి Friends కి మారిపోతాయి. కాకపోతే ఆ ఫ్రెండ్స్ లిస్ట్‌లో ఎవరున్నారో కూడా ఆవిడతో కూర్చుని చూడండి, పెద్దవాళ్ళు రిక్వెస్ట్ వచ్చిన ప్రతి ఒక్కరినీ యాక్సెప్ట్ చేస్తుంటారు.

రఘు_కాజీపేట:
మరీ ఇంత భయమా? మా బాబు ఫొటోలు పుట్టినప్పట్నుంచీ పెడుతున్నా, దుబాయ్‌లో ఉండేవాడిని, వాడిని మా వాళ్ళందరూ చూసింది అక్కడే. పైగా మీరు ఎంత దాచినా స్కూల్ వాళ్ళే యాన్యువల్ డే ఫొటోలు తమ పేజీలో పెడతారు, అప్పుడేం చేస్తారు?

మాధవి_వైజాగ్:
రఘు గారూ, స్కూల్ మాట కరెక్ట్, అడ్మిషన్ ఫారంలో ఫొటోలకి అనుమతి అనే లైన్ ఉందేమో చూసి, వద్దని రాతపూర్వకంగా ఇవ్వాలి. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి మాత్రం 18 నెలల గడువిచ్చారు. ఇంట్లో వాళ్ళు సొంతానికి వాడుకునేదానికి ఆ చట్టం వర్తించదు, కాబట్టి అత్తగారికి చట్టం చూపించి లాభం లేదు 😀

సాహితి_ఎల్బీనగర్:
మరి అమెరికాకి ఎలా పంపాలి? వాట్సాప్ స్టేటస్ పెడితే సరిపోతుందా?

మాధవి_వైజాగ్:
స్టేటస్ మామూలుగా పెడితే గ్యాస్ డెలివరీ అబ్బాయి, పాత ఓనర్, ఇలా మీరూ వాళ్ళూ ఒకరి నంబర్ ఒకరు సేవ్ చేసుకున్న అందరూ చూడొచ్చు. Only share with… పెట్టి పదిమందిని ఎంచుకోండి. స్క్రీన్‌షాట్ తీసినా మీకు తెలియదు, అది గుర్తుపెట్టుకోండి.

నేనైతే గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ చేస్తా. ఆల్బమ్ ఆప్షన్స్‌లో Link sharing ఆఫ్‌లో ఉండాలి, ఇదే చాలామంది వదిలేస్తారు, ఆన్‌లో ఉంటే లింక్ ఎవరి చేతిలో పడినా ఆల్బమ్ మొత్తం తెరుచుకుంటుంది. ఆఫ్ చేసి జీమెయిల్ ఐడీలతో ఒక్కొక్కరినీ చేర్చండి. మొదటిసారి అత్తయ్య గారి ఫోన్‌లో మీరే తెరిచి చూపించాలి, లేకపోతే "ఏమీ రావట్లేదు" అని మళ్ళీ ఫేస్‌బుక్‌కే వెళ్తారు. ఆవిడకి కూడా ఫొటోలు చేర్చే అవకాశం ఇవ్వండి, పెట్టుకోవాలన్న సరదా అక్కడ తీరుతుంది.

కిరణ్_కోడ్:
ఆల్బమ్ నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని మళ్ళీ పెడితే?

మాధవి_వైజాగ్:
ఆపలేం. అందుకే ఆల్బమ్‌లోకి ఎవర్ని చేరుస్తున్నామన్నదే ముఖ్యం.

సాహితి_ఎల్బీనగర్:
ఆల్బమ్ చేశాను, అత్తయ్య గారు పోస్ట్ తీసేశారు కూడా. ఇంతలో మా ఆడపడుచు ఆల్బమ్‌లోంచి అదే ఫొటో తీసి తన డీపీగా పెట్టుకుంది. ఇప్పుడు ఆవిడకి నేను చెప్పాలా, మావారి చేత చెప్పించాలా?