చెక్కభజన పాటకు "సిరా సిపోసి నాము" అని రాస్తోంది: సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాలా, విని చేత్తో రాసుకోవాలా?

పాకాల జంక్షన్:
మా అవ్వ వాళ్ళ జట్టు పాడిన చెక్కభజన పాటలు రెండు క్యాసెట్లు ఉన్నాయి, కంప్యూటర్లోకి ఎక్కించాను. విని రాసే విస్పర్ సాఫ్ట్‌వేర్‌తో రాయిస్తే సగానికి సగం తప్పులు. నేను మామూలుగా మాట్లాడితే మాత్రం బాగానే రాస్తోంది. పాట దగ్గర ఎందుకు తడబడుతోంది? దీన్నే సరిచేసుకోవడం మేలా, మొదటి నుంచీ చెవితో విని రాసుకోవడం మేలా?

మదనపల్లె టమాటా:
ఇందులో పెద్ద రహస్యమేం లేదు బ్రో, అడ్డమంతా వాద్యాలే. గొంతు ఒక్కటే విడదీసి ఇవ్వు, మాటల్లాగే రాసేస్తుంది. నేను సినిమా పాటలకు ఇట్లాగే చేస్తా.

```
demucs --two-stems=vocals paata03.wav
whisper separated/htdemucs/paata03/vocals.wav --language te --model medium
```

పాకాల జంక్షన్:
చేశానన్నా. చెక్కల చప్పుడు, డోలు చాలావరకు పోయాయి, అవ్వ గొంతు తేటగా వినపడుతోంది. అయినా అదే కథ. అసలు లైను ఇది:

కొండ కింది చేను కోసి రాశి పోసినాము

మెషీన్ రాసింది: "కొండ కిందీ జేనుకో సిరా సిపోసి నాము". చరణం అయిపోయాక ఒట్టి చెక్కలు వాయించే చోట, ఎవరూ పాడకపోయినా, "పోసి నాము పోసి నాము" అని పదకొండు సార్లు రాసుకుంటూ పోయింది. దెయ్యం పట్టిందేమో అనుకున్నా.

పుంగనూరు ఆవు:
మా చెల్లి పెళ్ళి వీడియోలో మంగళహారతి పాటకు కింద అక్షరాలు పోయేలా పెట్టాలని నేనూ తిప్పలు పడ్డాను. పాట మాకు నోటికొచ్చు, ఏ మాట ఏ సెకనులో వస్తుందో అదే కావాలి. దీనికీ ఇదే మందా?

కల్యాణి డ్యామ్:
పుంగనూరన్నా, మీది వేరే పని. పాఠం మీ చేతిలో ఉంటే మెషీన్‌ను "ఏమన్నారు" అని అడగక్కర్లేదు, "ఇది ఎక్కడ అన్నారు" అని అడిగితే చాలు. అది చాలా తేలిక, గొంతు విడదీశాక ఇంకా తేలిక. దాన్ని అలైన్‌మెంట్ అంటారు, ఆ పేరుతో వెతకండి.

ఇక పాకాల తమ్ముడి సంగతి. టమాటా చెప్పింది సగం నిజం. వాద్యాలు అడ్డమే, ముఖ్యంగా తాళాల గణగణ సరిగ్గా స, శ, చ ఉండే ఎత్తులోనే మోగుతుంది. కానీ అవి పోయినా పాట పాటే. దీన్ని తేల్చుకోవడానికి చిన్న పరీక్ష చాలు: అదే లైను మీ అమ్మ చేత ఊరికే చదివించి ఇచ్చి చూడు. వాద్యాలు తీసేశాక కూడా తప్పులొచ్చాయి కాబట్టి, ఇది సరిగ్గా వస్తే తప్పు చాలావరకు పాడడంలోనే ఉన్నట్టు.

మాటల్లో ఒక అచ్చు సెకనులో పదో వంతో, ఐదో వంతో ఉంటుంది. పాటలో "కో" మీద రెండు సెకన్లు నిలబడతారు, "రా" మీద ఇంకో రెండు. మనకు పలక వేరు, పాలక వేరు, ఆ తేడా అంతా నిడివిలోనే ఉంది. పాటలో నిడివి తాళం చేతిలోకి పోతుంది. "కింది" కాస్తా "కిందీ" అయింది అందుకే. మాట ఎక్కడ విరిగిందో కూడా మెషీన్ చాలావరకు ఆ పొడవులు, చిన్న ఆగుళ్ళు చూసే పసిగడుతుంది. పాటలో ఆగేది మాట చివర కాదు, తాళం చెప్పినచోట. అవ్వ "చేనుకో" దగ్గర ఊపిరి తీసుకుని "సిరా" అని ఎత్తుకుంటే, సిరా అన్న మాట తెలుగులో ఉంది కాబట్టి మెషీన్ సంబరంగా పట్టేసుకుంటుంది. అది వినడం సగమే, మిగతా సగం "ఇలాంటి చోట సాధారణంగా ఏ మాట వస్తుంది" అని ఊహించడం.

చెక్కల చోట దెయ్యం పట్టింది కూడా ఆ ఊహ వల్లే. విస్పర్ ఒకసారికి 30 సెకన్ల ముక్క చూస్తుంది, ముందు ముక్కలో తాను రాసిందాన్ని ఆసరాగా పెట్టుకుని ముందుకు పోతుంది. వినడానికేమీ లేనప్పుడు ఆ ఆసరానే మళ్ళీ మళ్ళీ వల్లిస్తుంది. ఆ ఆసరా తీసేయి, గొంతు లేని చోట్లు కత్తిరించి ఒక్కో చరణం విడిగా ఇవ్వు:

```
whisper charanam1.wav --language te --model medium --condition_on_previous_text False
```

దెయ్యం చాలావరకు వదులుతుంది. సిరా మాత్రం వదలదు.

మదనపల్లె టమాటా:
అక్కా, మరి నా సినిమా పాటలు అంత బాగా ఎట్లా వస్తున్నాయి? అవీ పాడినవే కదా, సాగదీసినవే కదా.

కల్యాణి డ్యామ్:
స్టూడియో రికార్డింగు, గొంతు ముందుకు పెట్టి కలుపుతారు, అది ఒకటి. రెండోది, ఆ పాటల సాహిత్యం నెట్‌లో వంద చోట్ల ఉంటుంది, అది విని రాస్తోందో, ఎప్పుడో చూసింది గుర్తొచ్చి రాస్తోందో ఎవరు చెప్పగలరు? ఎవరికీ తెలియని పాట ఇచ్చి చూడు. ఇంకోటి, గొంతు విడదీసే ఆ డెమక్స్ ఎక్కువగా నేర్చుకున్నది పాశ్చాత్య పాప్ పాటల మీద. పాత క్యాసెట్లో పదిమంది కలిసి పాడితే వాద్యాలతో పాటు గొంతులోని కొన్ని స, హ లు కూడా కొట్టుకుపోతాయి. రెండు రకాలుగానూ రాయించి పోల్చుకోవడం మంచిది.

మదనపల్లె టమాటా:
సరే, ఇంట్లో పాడిన జోల పాట ఒకటుంది, ఈ రాత్రి చూస్తా. కానీ నేనింకా వాద్యాల మీదే పందెం కాస్తా.

రిటైర్డ్ తెలుగు అయ్యవారు:
నాయనా, ఇంత తతంగం దేనికి? పాటలోనే ఆనవాలు ఉంది. "కొండ" అని ఎత్తుకున్నారు, రెండో సగం "కోసి" అని మొదలైంది. కొ, కో యతి కుదిరింది. అంటే అక్కడ కొత్త మాట మొదలు కావాలి, "చేనుకో" అనేది పొసగదు. చెవి, యతి, పక్కన పాట తెలిసిన ముసలమ్మ ఒకరు ఉంటే చాలు. మెషీన్ తప్పు రాసింది ఒకసారి కంట పడితే చెవికి కూడా అదే వినపడుతుంది, అది అసలు ప్రమాదం. ముందు చెవితో రాయి, తర్వాత కావాలంటే మెషీన్‌ను చూడు.

కల్యాణి డ్యామ్:
అయ్యవారూ, ఈ చివరి మాటకు నేను ఎదురు చెప్పను. నేను రెండు గంటల పాటలు ముందేసుకున్నప్పుడు మెషీన్ చిత్తు ప్రతి వల్ల సమయాల గుర్తులైనా దొరికాయి, అంతవరకే వాడుకున్నా. మాటలు మాత్రం స్పీడు ముప్పాతికకు తగ్గించి నా చెవితోనే రాసుకున్నా.

పాకాల జంక్షన్:
అమ్మ చేత చదివించాను. "కొండ కింది చేను కోసి రాశి పోసినాము", ఒక్క అక్షరం పోలేదు! చరణాలు కత్తిరించి ఇస్తే వల్లించడం కూడా ఆగింది.

ఇంకో చోట చిక్కుకున్నా. "మిట్ట మీది గంగమ్మ" అని అమ్మ అంటుంది, "మెట్ట మీది" అని మామ. మెషీన్ ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా రాస్తోంది. అయ్యవారూ, యతి చూసి చెప్పండి.

రిటైర్డ్ తెలుగు అయ్యవారు:
ఇ, ఎ రెండూ ఒకే యతి వర్గం నాయనా, దేనికైనా చెల్లుతుంది. ప్రాస చూద్దామన్నా రెండో అక్షరం రెంటికీ "ట్ట"యే. ఛందస్సు ఇక్కడ చేతులెత్తేసింది.

కల్యాణి డ్యామ్:
ఆ "మి" పాటలో బాగా పై స్థాయిలో ఉందా? ఆడగొంతు 500 హెర్ట్జ్ దగ్గరికి ఎక్కితే దానికి దిగువన ధ్వనే ఉండదు. ఇ ని ఎ నుంచి విడదీసే ముఖ్యమైన గుర్తు ఒకటి ఆ దిగువనే, 300 నుంచి 500 లోపలే ఉంటుంది. పై భాగంలో కొంత ఆనవాలు మిగులుతుంది గానీ పాత క్యాసెట్లో అదీ అరిగిపోతుంది. అంటే అక్కడ మెషీన్ వినలేకపోవడం కాదు, టేపులోనే తేడా సరిగ్గా లేదు. అదే మాట కింది స్థాయిలో ఇంకెక్కడైనా పాడారేమో వెతుకు.

పాకాల జంక్షన్:
పల్లవి మొత్తం పైనే ఉందక్కా. రెండో క్యాసెట్ ఇంకా వినలేదు. అంతవరకు మిట్ట/మెట్ట అని రెండూ రాసి పెట్టాను. మామ ఆదివారం వస్తాడు, ఇంట్లో మళ్ళీ గొడవే.