జీతాలు వేరైనప్పుడు ఇంటి ఖర్చు సగం సగమేనా?

మియాపూర్ కోడలు: నాకు నెలకి 60 వేలు అకౌంట్లో పడతాయి, మా ఆయనకి 90 వేలు. అద్దె, మెయింటెనెన్స్, సరుకులు, కరెంటు, పనిమనిషి అన్నీ కలిపి 60 వేలు అవుతోంది. ఆయన చెరి సగం అంటున్నారు. జీతాన్ని బట్టి పంచుకోవాలంటే లెక్క ఎలా వేయాలి?

నిజాంపేట వాసి: 90కి 60 అంటే 3:2. ఆయన 36 వేలు, మీరు 24 వేలు. అకౌంట్లో పడిందే జీతం, ఇంకేం చూడక్కర్లేదు.

పేరోల్ డెస్క్: నిష్పత్తి సరే, కానీ అకౌంట్లో పడిన అంకె మీద వేస్తే లెక్క తప్పుతుంది. ఇద్దరి పేస్లిప్పులూ పక్కపక్కన పెట్టుకోండి. టీడీఎస్, తప్పనిసరి పీఎఫ్, 200 రూపాయల ప్రొఫెషనల్ ట్యాక్స్ కోతలను అలాగే వదిలేయండి, అవి మన చేతిలో లేనివి. వీపీఎఫ్ లాంటివి మనం ఇష్టపడి దాచుకునేవి. వాటిని అకౌంట్లో పడిన అంకెకి మళ్ళీ కలపాలి.

మియాపూర్ కోడలు: ఇప్పుడే చూశాను. ఆయనకి వీపీఎఫ్ 30 వేలు కట్ అవుతోంది. నాకు అలాంటిదేమీ లేదు.

పేరోల్ డెస్క్: అయితే ఆయన జీతం 90 కాదు, లక్షా 20 వేలు. 2:1 వస్తుంది. ఆయన 40 వేలు, మీరు 20 వేలు. పైన చెప్పిన లెక్కలో మీరు నెలకి 4 వేలు, ఏడాదికి 48 వేలు ఎక్కువ కట్టేవారు. సగం సగం అయితే మీకు మిగిలేది 30 వేలు, ఆయనకి వీపీఎఫ్‌తో కలిపి 90 వేలు.

నిజాంపేట వాసి: వీపీఎఫ్ కూడా సంసారం కోసమే కదండీ? రేపు ఇద్దరూ తినేదేగా.

పేరోల్ డెస్క్: జమ ఆయన పేరు మీదే. ఈవిడ నామినీ అయినా ఆయన ఉన్నంతకాలం అందులో హక్కు రాదు. ఇద్దరి కోసమే అయితే ఈవిడ పేరు మీద కూడా ఎంతో కొంత వేయమనండి, అప్పుడు ఒప్పుకుంటాను.

బాచుపల్లి: మేం ఫ్లాట్ ఈఎంఐ కూడా ఇలాగే కడుతున్నాం, నేను 35 వేలు, మా ఆవిడ 15 వేలు. రిజిస్ట్రేషన్ నా ఒక్కడి పేరు మీదే ఉంది. పర్లేదా?

పేరోల్ డెస్క్: ఆవిడ అడిగింది అద్దింటి ఖర్చు గురించి. ఈఎంఐ వేరు, కట్టాక ఆస్తి మిగులుతుంది. మీ ఆవిడ కట్టే 15 వేలకి దస్తావేజులో వాటా లేకపోవడం నాకైతే అన్యాయంగానే కనిపిస్తోంది. ముందు అది లాయర్‌తో మాట్లాడండి.

మియాపూర్ కోడలు: ఇంకొకటి. మా అమ్మావాళ్ళకి నెలకి 10 వేలు పంపుతాను. అది తీసేసి నా జీతం 50 వేలు అనుకోవచ్చా?

నిజాంపేట వాసి: కుదరదండీ. అది మీ సొంత ఖర్చు.

పేరోల్ డెస్క్: తీసేస్తే మీ వాటా సుమారు 17,650కి దిగుతుంది. వాళ్ళకి వేరే ఆధారం లేకపోతే తీసేయాలనే నేనంటాను. కానీ రేపు ఆయన తన వాళ్ళకి పంపినా అదే లెక్క వర్తించాలి.

మియాపూర్ కోడలు: అత్తయ్యగారికి పెన్షన్ వస్తుంది, మా అమ్మకి ఏమీ రాదు. అదే ఆయనతో మాట్లాడాలి.