గుండెపోటు తర్వాత సెప్టమ్‌లో రంధ్రం: ఆపరేషన్‌కి ఎన్నాళ్లు ఆగొచ్చు?

నాన్నగారికి 64 ఏళ్లు. పెద్ద గుండెపోటు వచ్చింది. నొప్పి మొదలైన 14 గంటలకు గానీ ఆసుపత్రికి చేరలేదు. ముందువైపు రక్తనాళంలో స్టెంట్ వేశారు. నాలుగో రోజు ఉన్నట్టుండి ఆయాసం మొదలై, బీపీ 80/50కి పడిపోయింది. స్టెతస్కోప్‌లో కొత్తగా మర్మర్ అనే అదనపు శబ్దం వినిపించిందన్నారు. ఎకోలో రెండు జఠరికల మధ్య గోడకి, అంటే సెప్టమ్‌కి, గుండె కొన దగ్గర, 12 మిల్లీమీటర్ల చిరుగు కనిపించింది.

గుండెకి ఆసరాగా బెలూన్ పంప్ పెట్టి మూడు రోజులైంది. ఇప్పుడు పై బీపీ 100 దగ్గర ఉంది, మూత్రం గంటకి 40 మి.లీ. వస్తోంది. కానీ కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.4 నుంచి 1.9కి పెరిగింది. నాకు టెన్షన్ దాని గురించే.

ఒక సర్జన్, చచ్చిన కండరం ఇంకా మెత్తగా ఉంది, కుట్లు నిలవవు, వారమైనా ఆగుదాం అంటున్నారు. ఇంకొకరు, ఆగితే చిరుగు పెద్దదవుతుంది, వెంటనే చేయాలి అంటున్నారు. రెండూ సబబుగానే ఉన్నాయి, అదే చిక్కు. కాలి నరం గుండా డివైస్‌తో మూయొచ్చా అని కూడా అడిగాను. అంచులు గట్టిపడందే అది పట్టు నిలవదన్నారు.

ఇలాంటి కేసులు చూసిన డాక్టర్లు, ఇంట్లో ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి: బెలూన్ పంప్ మీద ఉండగా, ఏ మార్పు కనిపిస్తే ఇక ఆగకుండా ఆపరేషన్‌కి తీసుకెళ్లాలి?