లోన్ మూసేశాక నో డ్యూ కోసం కంపెనీకి ఏమని రాయాలి? ఒక ఉత్తరమా, రెండా?

తణుకు_ట్రాలీ
ట్రాలీ బండి మీద ఫైనాన్స్ ఉండేది. ఇంకా ఏడాదిన్నర కిస్తీలుండగానే మొత్తం కట్టేద్దామని ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడిగితే 1,97,522 అని ఇచ్చారు. పైసాతో సహా అంతే కట్టాను. ఇప్పుడు నో డ్యూ, ఎన్‌వోసీ అడిగితే "సిస్టమ్‌లో ఇంకా 836 చూపిస్తోందండీ" అంటున్నారు. చేతిలో స్టేట్‌మెంటు, కట్టిన రసీదు ఉన్నాయి కదా, ఇవి చాలవా? రాయాల్సి వస్తే ఎవరికి, ఎలా రాయాలో చెప్పండి.

నిజాంపేట్_కిరణ్
అన్నా, ఉత్తరాలూ గిత్తరాలూ ఎందుకు. వాళ్ల యాప్‌లో డాక్యుమెంట్స్ నొక్కితే ఎన్‌వోసీ వస్తుంది. రాకపోతే 30 రోజులు ఆగు. ఆ పైన రోజుకి 5,000 చొప్పున వాళ్లే నీకు కట్టాలి, ఆర్‌బీఐ రూలు. 836 కోసం నువ్వెందుకు కంగారు, వాళ్లు పడాలి.

శ్రీలక్ష్మి_గుంటూరు
మా గోల్డ్ లోన్‌కి అయితే డబ్బు కట్టిన పది నిమిషాల్లో నగలు చేతిలో పెట్టారండీ. బండి వాళ్లే ఇలా తిప్పుతారు.

కౌంటర్_అవతల
తణుకు గారూ, రెండు విషయాలు చెప్పండి. స్టేట్‌మెంట్ కింద "ఫలానా తేదీ వరకు చెల్లుతుంది" అని ఉంటుంది, ఆ తేదీ ఎంత? మీరు కట్టింది ఏ తేదీన? దాని పక్కనే రోజుకి వడ్డీ ఎంతో కూడా రాసుంటుంది, అదీ చూడండి. నేను బండ్ల ఫైనాన్స్ బ్రాంచిలో ఆపరేషన్స్ చూసినవాణ్ణి. ఈ 836 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలననుకుంటా.

తణుకు_ట్రాలీ
20 వరకు అని ఉందండి. నేను కట్టింది 23న. 20న డబ్బు పట్టుకెళ్తే క్యాషియర్ లేడు, సోమవారం రమ్మన్నారు. రోజుకి 82 రూపాయలని ఉంది. కిస్తీ తేదీ ప్రతి నెలా 5.

కౌంటర్_అవతల
సరిపోయింది. మూడు రోజుల వడ్డీ 82 చొప్పున 246. మీరు కట్టిన మొత్తం ఆ 246 తక్కువైంది కాబట్టి సిస్టమ్ లోన్‌ను మూయలేదు. మూయకపోతే మీ ఖాతా నుంచి కిస్తీ దానంతటదే తీసుకోవడానికి మీరిచ్చిన నాచ్ మాండేట్ బతికే ఉంటుంది. 5వ తేదీన మామూలుగానే కిస్తీ మీ బ్యాంకుకి వెళ్లింది. లోన్ అయిపోయిందనుకుని మీరు ఖాతాలో డబ్బుంచి ఉండరు, అది బౌన్స్ అయింది. బౌన్స్ చార్జీ 500, జీఎస్టీ 90. 590కి 246 కలిపితే మీ 836.

అందుకే స్టేట్‌మెంటూ రసీదూ చాలవు. స్టేట్‌మెంట్ కట్టడానికి ముందు వాళ్లు చెప్పే రేటు మాత్రమే. ఉదాహరణకి ఫలానా తేదీకి అసలు 1,86,400, అప్పటిదాకా వడ్డీ 1,144, ఫోర్‌క్లోజర్ చార్జీ 4 శాతం లెక్కన 7,456, దాని మీద జీఎస్టీ 1,342, పాత బౌన్సులు రెండు 1,180. మీ కాగితంలోనూ దాదాపు ఇలాగే విడివిడిగా ఉండాలి, సరిచూసుకోండి. రసీదు ఇంత ముట్టిందని చెబుతుంది. బాకీ సున్నా అని చెప్పే కాగితం నో డ్యూ ఒక్కటే, అది ఖాతా మూసుకున్నాకే పుడుతుంది. రవాణా ఆఫీసులో హైపోథికేషన్, అంటే ఆర్‌సీ మీద ఫైనాన్సర్ పేరు, తీయించాలంటే దానితోపాటు ఫైనాన్సర్ సంతకం, ముద్ర ఉన్న ఫారం 35 కావాలి.

మల్లేశం_సిరిసిల్ల
గట్ల 246కు తలొంచితే రేపు 2,460 అంటరు. వాళ్ల క్యాషియర్ లేకపోవుడు ఎవలి తప్పు? ఒక్క పైస కట్టకు తమ్మీ. ఆ 7,456 కూడా వాపసడుగు. ఫోర్‌క్లోజర్ చార్జీ తీసుకోవద్దని ఆర్‌బీఐ ఎప్పుడో చెప్పింది.

కౌంటర్_అవతల
మల్లేశం గారూ, ఆ మినహాయింపు మారే వడ్డీ లోన్లకి. బండి లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవే. ఈయన అగ్రిమెంట్‌లో 4 శాతం రాసి ఉంటే అది తీసుకోవచ్చు.

కిరణ్ చెప్పిన రోజుకి 5,000 ఉన్నది నిజమే, 2023 సెప్టెంబరు సర్క్యులర్, ఆ డిసెంబరు నుంచి అమలు. కానీ అది పర్సనల్ లోన్ల కింద పెట్టుకున్న ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వడం, ఆస్తి మీద రిజిస్టర్ చేయించుకున్న చార్జ్ తొలగించడం గురించి. అద్దెకి తిప్పే ట్రాలీ వ్యాపారం కింద తీసుకున్న లోన్. పైగా ఆ 30 రోజులు మొత్తం బాకీ తీరిన నాటి నుంచి లెక్క. వాళ్ల సిస్టమ్‌లో ఈయన బాకీ ఇంకా తీరనేలేదు.

నిజాంపేట్_కిరణ్
సర్క్యులర్‌లో "ఏ రిజిస్ట్రీలో ఉన్న చార్జ్ అయినా" అని ఉంది సార్. ఆర్‌సీ మీద హైపోథికేషన్ కూడా చార్జే కదా. సొంత కారు అయితే వర్తిస్తుందా లేదా?

కౌంటర్_అవతల
సొంత కారుకి వాదించొచ్చు. ట్రాలీకి నేనైతే ఆ లెక్కతో ఆశ పెట్టుకోను.

మల్లేశం_సిరిసిల్ల
కంపెనీల పనిచేసినోడు కంపెనీ దిక్కే మాట్లాడ్తడు. పేరే "కౌంటర్ అవతల".

కౌంటర్_అవతల
అయ్యా, 246 కట్టమన్నాను, 590 కట్టమన్నానా? నిజంగా కొట్లాడాల్సింది ఆ 590 మీద. 1,97,522 చేతికొచ్చాక తక్కువైన 246 గురించి ఒక్క మెసేజ్ కూడా పెట్టకుండా కిస్తీని బ్యాంకుకి పంపారు. దాన్ని రద్దు చేయమని రాతపూర్వకంగా అడగాలి.

తణుకు గారూ, ఉత్తరం ఒకటి చాలు, అందులో అడిగేవి మాత్రం విడివిడిగా ఉండాలి. ఇలా రాయండి:

"నా లోన్ అగ్రిమెంట్ నంబరు ఇది, బండి నంబరు ఇది. మీరు 20వ తేదీ వరకు చెల్లేలా ఇచ్చిన ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ ప్రకారం 23న 1,97,522 చెల్లించాను, రసీదు నంబరు ఇది. 20న బ్రాంచికి వచ్చినా డబ్బు తీసుకోలేదు. మూడు రోజుల వడ్డీ 246 కట్టడానికి సిద్ధం. 5వ తేదీ బౌన్స్ చార్జీ 590 తీసేసి, ఈరోజు తేదీతో కొత్త స్టేట్‌మెంట్ ఇవ్వండి. అది కట్టాక బాకీ సున్నా చూపే ఖాతా స్టేట్‌మెంట్, నో డ్యూ సర్టిఫికెట్, సంతకం చేసిన ఫారం 35 రెండు ప్రతులు, వాడని నా చెక్కులు ఇవ్వండి. నాచ్ మాండేట్ రద్దు చేయండి. క్రెడిట్ బ్యూరోలకి లోన్ మూసినట్టు తెలపండి. ఇవ్వలేకపోతే కారణం రాసి ఇవ్వండి."

ఆ చివరి వాక్యం వదిలేయకండి. రిజిస్టరైన మీ ఈమెయిల్ నుంచి కస్టమర్ కేర్‌కి, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కలిపి పంపండి. బ్రాంచిలో ఒక ప్రతి ఇచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు మీకు నచ్చకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. ముందు కంపెనీకి రాసిన రుజువు లేకుండా పెడితే అక్కడ తిప్పి పంపుతారు. ఫోన్‌లో ఎంత అరిచినా లెక్కలోకి రాదు.

కడప_సుబ్బు
అన్నా అగ్రిమెంటు కాపీ కూడా అడగమను. నాకైతే ఇంతవరకూ ఇయ్యల్యా.

తణుకు_ట్రాలీ
రాసి ఇచ్చానండి. 590 తీసేశారు. 246 కట్టాను, ఖాతా సున్నా చూపిస్తోంది. కానీ నో డ్యూ ఇవ్వలేదు. మా అన్నయ్య ట్రాక్టర్ లోన్‌కి నేను ష్యూరిటీ అంట, అది బాకీలో ఉందంట, అది కడితేనే నా ఎన్‌వోసీ అంట. నోటితో చెప్పారు, కాగితం ఇవ్వలేదు.

మల్లేశం_సిరిసిల్ల
ఇగో, అసలు కథ ఇప్పుడొచ్చింది. నాకు గిదే చేసిన్రు. మా బామ్మర్ది ఆటోకు జమానతు సంతకం పెట్టిన. వాడు కిస్తీలు ఎగ్గొట్టి సూరత్ పోయిండు. నా బండి పైసలన్నీ కట్టిన, ఎన్‌వోసీ ఆపిన్రు. బండి అమ్ముకుందామంటె కొనెటోడు ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు చూసి వాపసు పోయిండు. నా లోన్ నాది, వాని లోన్ వానిది. ఎట్ల ఆపుతరు? అందుకే చెప్పిన ఒక్క పైస ఇయ్యొద్దని.

శ్రీలక్ష్మి_గుంటూరు
సంతకం పెట్టేటప్పుడు తెలీదాండీ? ష్యూరిటీ అంటే వాళ్లు కట్టకపోతే మనం కట్టడమే కదా. మా నాన్నగారు అలాగే కట్టారు, మాట అనలేదు.

మల్లేశం_సిరిసిల్ల
మీ నాయిన కట్టిండని అందరు కట్టాల్నా మేడం? బాకీ ఉంటే నోటీసియ్యి, కోర్టుకు పో. నా బండి కాయితం పట్టుకొని కూసునుడేంది?

కౌంటర్_అవతల
మీరిద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. బాధ్యత విషయంలో మేడం గారి మాటే చట్టం. జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128. చాలా అగ్రిమెంట్లలో "ఇదే కంపెనీలో మీకున్న మరే బాకీకైనా ఈ బండిని పట్టి ఉంచవచ్చు" అనే క్లాజు కూడా ఉంటుంది.

కానీ పట్టి ఉంచే పద్ధతి విషయంలో మల్లేశం గారి కోపం న్యాయమే. ఫైనాన్స్ కంపెనీలకి ఆర్‌బీఐ పెట్టిన ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో ఉంది: బాకీ తీరాక సెక్యూరిటీ వదిలేయాలి. మరో క్లెయిమ్ కోసం ఆపే హక్కు ఉందంటే, ఆ మిగతా క్లెయిముల పూర్తి వివరాలు, ఏ షరతు కింద ఆపుతున్నారో చెబుతూ నోటీసు ఇవ్వాలి. నోటితో చెబితే నోటీసు కాదు. తణుకు గారూ, ఇప్పుడు రెండో ఉత్తరం రాయండి. అన్నయ్య లోన్ నంబరు, ఈరోజుకి బాకీ ఎంత, మీ సంతకం ఉన్న గ్యారంటీ కాపీ, మీ అగ్రిమెంట్‌లో ఏ క్లాజు కింద ఆపారు, ఇవన్నీ అడగండి. నా లోన్ వరకు బాకీ లేదని నో డ్యూ విడిగా ఇవ్వమని కూడా రాయండి. బండి మీద హైపోథికేషన్ ఆపడం వేరు, మూసిన లోన్‌కి నో డ్యూ ఆపడం వేరు.

నిజాంపేట్_కిరణ్
నో డ్యూ ఇచ్చి ఫారం 35 ఆపుతారంటారా? అలా ఇచ్చినవాళ్లని చూడలేదే.

కౌంటర్_అవతల
మా బ్రాంచిలో ఇచ్చేవాళ్లం, "ఈ లోన్ వరకు మాత్రమే" అని రాసి. అందరూ ఇస్తారని చెప్పను.

మల్లేశం_సిరిసిల్ల
క్లాజు చూపిస్తె? చిన్నక్షరాల్ల రాసింది నాకు చదివి వినిపించిన్రా?

కౌంటర్_అవతల
ఆ మాట అంబుడ్స్‌మన్ ముందు పెట్టండి. గెలుస్తుందో లేదో నేను చెప్పలేను. మీకు నోటీసు ఇచ్చారా మల్లేశం గారూ?

మల్లేశం_సిరిసిల్ల
ఇయ్యలె. ఫోన్లనే చెప్పిన్రు.

కౌంటర్_అవతల
అయితే మీరూ రాయండి. ఇదే ఉత్తరం, పేర్లు మార్చి.

తణుకు_ట్రాలీ
అన్నయ్యని అడిగితే ట్రాక్టర్ మీద మూడు కిస్తీలే ఆగాయంటున్నాడు, బ్రాంచి వాళ్లు మొత్తం లోన్ మూసేయమంటున్నారు. ఆగిన కిస్తీలు కడితే నాది వదలాలి కదా?

కడప_సుబ్బు
ముందు వాళ్ల లెక్క రాతలో తెప్పించన్నా. మీ అన్న చెప్పేదీ వాళ్లు చెప్పేదీ రెండూ నమ్మాకు.