ఆర్‌ఓ మొదటి స్టేజ్‌లో డీపీ తగ్గట్లేదు, క్లీనింగ్ తప్పు వరసలో చేశామా?

మాది బోరు నీటి ఆర్‌ఓ, గంటకు 20 ఘనపు మీటర్లు. 3:2 వరస, వెసెల్‌కు 6 ఎనిమిది అంగుళాల మెంబ్రేన్లు.

డిసెంబర్‌లో ఫ్లో తగ్గితే చలికి అనుకుని వదిలేశాం. డిగ్రీకి సుమారు 3 శాతం పడిపోవడం మామూలే కదా. తీరా 25 డిగ్రీలకు నార్మలైజ్ చేసి చూస్తే 20 కాస్తా 17.4కి వచ్చింది, అంటే 13 శాతం నిజంగానే పోయింది. మొదటి స్టేజ్ డీపీ 1.5 నుంచి 2.2 బార్‌కి ఎక్కింది. రెండో స్టేజ్ మాత్రం 1.3 దగ్గర కదల్లేదు. ఉప్పు శాతం పెరగలేదు.

స్కేలింగ్ అనుకుని ముందు సిట్రిక్ యాసిడ్ తిప్పాం. డీపీ 2.1కి దిగి, పది రోజుల్లో మళ్ళీ 2.2. అప్పుడు వెలిగింది: స్కేల్ అయితే నీరు చిక్కబడే చివరి స్టేజ్‌లో కదా ముందు కనపడాలి! కార్ట్రిడ్జ్ ఫిల్టర్ హౌసింగ్ విప్పితే గోడలకు చేపచర్మంలా జారుడు జిగురు, కుళ్ళు వాసన. బయోఫౌలింగే అనిపిస్తోంది.

ఈసారి కాస్టిక్‌తో, పీహెచ్ 12, 30 డిగ్రీల దగ్గర, మధ్యలో నానబెట్టి చేద్దామనుకుంటున్నాం. మా మెంబ్రేన్ షీట్ దానికి ఒప్పుకుంటుంది. చిక్కు పంపుతోనే. అది గంటకు 18 ఘనపు మీటర్లే ఇస్తుంది, వెసెల్‌కు 9 దాకా కావాలి. రెండు వెసెల్స్ చొప్పున విడిగా తిప్పితే మురికి వదులుతుందా? ఇలా చేసినవాళ్ళు డీపీ ఎంతకు దిగిందో చెప్పగలరా?