"అక్షింతలు ఏరుకుందామని వచ్చినవా బావా?" ఇంగ్లీషులో ఎట్లా?

నల్లగొండ నుంచి: మా దిక్కు పెండ్లి కథ ఒకటి ఇంగ్లీషులోకి తెస్తున్నాను. మేనత్త కొడుకు ముహూర్తం దాటినంక వస్తాడు. మరదలు గడపలోనే ఆపి, "ఏం బావా, అక్షింతలు ఏరుకుందామని వచ్చినవా?" అంటుంది. అతను "నీ చేతి బువ్వ దొరుకుతదని వచ్చిన" అంటాడు. బావను కజిన్ చేస్తే ఆ పిల్ల వట్టి పొగరుబోతులా కనిపిస్తోంది. ఏం చేయాలి?

మిర్యాలగూడ నుంచి: బ్రదర్ ఇన్ లా అని రాయండి. బావకు అర్థం అదే కదా.

మహబూబ్‌నగర్ నుంచి: అక్క మొగుడైతే సరే. ఇక్కడ అట్లా రాస్తే ఈమెకో ఈమె అక్కకో పెండ్లయిందనుకుంటారు. కజిన్‌తోనూ చిక్కే, అందులో పెదనాన్న కొడుకు, మేనత్త కొడుకు ఒకటైపోతారు. మనకు ఒకరు అన్న, ఒకరు బావ. ఎక్కిరించే చనువు ఆ వరసలోంచే వస్తుంది. అందుకని బావ అనే మాటను అట్లాగే ఉంచి, వరసను సీన్‌లో చూపించండి. పెదనాన్న కొడుకును కూడా అప్పుడే రానివ్వండి. "దా అన్నా, బండి దొరకలేదా?" అని అతనికి నీళ్లిచ్చి, వెనకాలే వచ్చిన బావకు గడప అడ్డం నిలబడితే చాలు, చదివేవాళ్లకు తేడా తెలిసిపోతుంది. మాట మటుకు "కమ్ టు పిక్ అప్ ద రైస్, హావ్ యూ, బావా?" అనండి. చివర ఆ "హావ్ యూ" ఉంటే దెప్పులో నవ్వు వినిపిస్తుంది. అది తీసేస్తే విచారణలా ఉంటుంది. అయితే, పెండ్లిలో తలమీద బియ్యం చల్లుతారన్నది పై పేరాలోనే కనబడాలి.

అచ్చంపేట నుంచి: మేనరికం మంచిది కాదని డాక్టర్లు చెప్తున్నారు కదా. మా ఇంట్లో కూడా మేనమామ బిడ్డను చేసుకోమని ఒకటే పోరు. ఇట్లాంటివి ఇంగ్లీషులో రాయడం అవసరమా?

మహబూబ్‌నగర్ నుంచి: మీ ఇంటి టెన్షన్ అర్థమైంది. కానీ ఈ కథలో ఎవరూ ఎవరినీ చేసుకోవడం లేదు. చేసుకోకపోయినా, వేరేవాళ్లతో పెండ్లయి పిల్లలు పుట్టినా, ఆ ఎకసెక్కాలు ముసలితనం దాకా నడుస్తాయి. దాన్ని ప్రేమకథ చేయొద్దు. వాళ్లిద్దరినీ చాటుకు పంపకండి. అత్తలు, అమ్మమ్మలు వింటుండగానే అననివ్వండి, వాళ్లను నవ్వనివ్వండి.

నల్లగొండ నుంచి: అన్న సీన్ కలుపుతాను. "నీ చేతి బువ్వ" ఇంకా తెగలేదు. "యువర్ కుకింగ్" అంటే వంటమనిషితో అన్నట్టుంది.

దేవరకొండ నుంచి: "ఐ హర్డ్ యూ వర్ సర్వింగ్" అంటే? వడ్డన మీదికి పోతుంది.

మహబూబ్‌నగర్ నుంచి: వినడానికి బాగుంది. కానీ "నన్ను చేసుకుంటే రోజూ తింటా కదా" అనే చిలిపితనం అందులో పోయింది. నాకూ ఇంకా దొరకలేదు.