ఒకే నంబర్ ముక్కలు కలిపి కుట్టినా రెండు కాళ్ళకు రెండు రంగులు: స్టిక్కర్ తప్పా, లే తప్పా?

దుర్గం_యూనిట్: మాది రాయదుర్గంలో చిన్న జీన్స్ యూనిట్. నల్ల డెనిమ్ 6 తానులు టేబుల్ మీద పొరలుగా పరిచి, ఒకే లే వేసి 360 ప్యాంట్లు కోశాం. వాషింగ్ నుంచి వచ్చాక చూస్తే 34 సైజులో 44 ప్యాంట్లకు కుడికాలు ముదురు, ఎడమకాలు లేత. మిగతా సైజుల్లో ఇంకో 15 తేడాగా ఉన్నాయి. వేరు వేరు తానులు ఒకే లేలో వేయడమే తప్పా? నంబర్ స్టిక్కర్లు సరిగా వేస్తే సరిపోదా?

లైన్_సూపర్వైజర్: సరిపోతుంది. 8 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా. ఎన్ని తానులు వేసినా సరే, ఒక లేయర్ ముక్కలన్నిటికీ ఒకే నంబర్ పడితే ఆ ప్యాంటు మొత్తం ఒకే గుడ్డలోంచి వచ్చినట్టే. తేడా వచ్చిందంటే స్టిక్కర్ వేసినవాళ్ళ చేయి జారింది. తానుకో లే వేసుకుంటూ కూర్చుంటే టేబుల్ ఖాళీ కాదు.

కడప_టైలర్: నాకూ ఇలాగే అయింది అన్నా. సూటు గుడ్డ ముందు కోటుకు తెచ్చి, నెల తర్వాత అదే అంగట్లో అదే నంబర్ చెప్పి ప్యాంటుకు తెచ్చా. ఎండలో చూస్తే రెండూ వేరు. ఒకేసారి కొనడమే మంచిది.

పాత_కటింగ్_మాస్టర్: టైలరన్నది రెండు తానుల తేడా. ఇక్కడ అది కొంతవరకే. దుర్గం అన్నా, ముక్కలన్నీ గీసి పైన పరిచే మార్కర్ పొడవెంత? ఒక్కో తానుకు ఎన్ని లేయర్లు వచ్చాయి?

దుర్గం_యూనిట్: మార్కర్ 5.20 మీటర్లు. 28, 30, 32, 34 ఒక్కొక్కటి, మొత్తం నాలుగు ప్యాంట్లు. తాను 80 మీటర్లు, 15 లేయర్లు వచ్చి రెండు మీటర్ల ఎండ్ బిట్ మిగిలింది. మొత్తం 90 లేయర్లు.

పాత_కటింగ్_మాస్టర్: అయితే మీ 44, మీ 15 రెండు వేరు జబ్బులు. ఒకే భాగం 90 ముక్కలు ఒక కట్ట. దానికి స్టిక్కర్ వేసేటప్పుడు రెండు ముక్కలు అతుక్కుని ఒకటి తప్పిపోయిందనుకోండి. అక్కడినుంచి ఆ కట్టలో నంబర్లన్నీ ఒకటి జరుగుతాయి. కానీ 7వ లేయర్ ముక్కకు 8వ లేయర్ ముక్క కలిసినా రెండూ ఒకే తానువి, కంటికి తెలియదు. తాను మారే చోట, అంటే 15కూ 16కూ, 30కీ 31కీ మధ్య మాత్రమే బయటపడుతుంది. ఆరు తానులకు అలాంటి చోట్లు ఐదు. ఒక కట్ట తప్పితే మహా అయితే ఐదు ప్యాంట్లు. మూడు కట్టలు తప్పితే 15. అది మీ రెండో లెక్క. ఒకే సైజులో 44 అలా రావు.

లైన్_సూపర్వైజర్: ఎందుకు రావు మాస్టరుగారూ? 34 కుడి ముందు భాగం కట్టను తిరగేసి, కింది నుంచి నంబర్ వేస్తే? 1వ లేయర్‌కు 90 తగులుతుంది. కట్ట మొత్తం గందరగోళమే. నేను కళ్ళారా చూశా.

పాత_కటింగ్_మాస్టర్: నిజమే, అది జరుగుతుంది, నేనా సంగతి రాయలేదు. కానీ అప్పుడు మొదటి తాను ఎడమకాలికి ఆరో తాను కుడికాలు, ఆరో తాను ఎడమకాలికి మొదటి తాను కుడికాలు కలుస్తాయి. ఎన్నిటికి కుడి ముదురైతే, సరిగ్గా అన్నే ప్యాంట్లకు ఎడమ ముదురవుతుంది. అన్నా, మీ 44లో ఒక్కదానికైనా ఎడమకాలు ముదురుందా?

దుర్గం_యూనిట్: అన్నీ మళ్ళీ తీసి చూశా. ఒక్కటీ లేదు. అన్నీ కుడే.

పాత_కటింగ్_మాస్టర్: అయితే స్టిక్కర్ కాదు. మార్కర్ కాగితం విప్పండి. 34 కుడి ముందు భాగం ఎక్కడుంది, ఎడమది ఎక్కడుంది?

దుర్గం_యూనిట్: కుడిది పై అంచు పక్కనే. ఎడమది గుడ్డ మధ్యలో. ముందు రెండూ పక్కపక్కనే ఉండేవి, అప్పుడు మార్కర్ 5.32 వచ్చేది. 12 సెంటీమీటర్లు తగ్గించడానికి ఖాళీల్లో సర్దమని నేనే చెప్పా.

పాత_కటింగ్_మాస్టర్: 90 లేయర్లకు దాదాపు 11 మీటర్ల గుడ్డ మిగిలింది, 44 ప్యాంట్లు పోయాయి. గుడ్డ ఒకే లేయర్ అయినా అంచుకూ మధ్యకూ రంగు తేడా ఉండొచ్చు. ఇండిగోలో నూలును తాళ్ళుగా కట్టి ముంచే పద్ధతిలో ఆ తాళ్ళను తర్వాత విడదీసి బీముల మీద కలిపేస్తారు, కాబట్టి ఈ తేడా తక్కువ. నూలును వెడల్పుగా షీటులా రంగులోకి పంపితే, పిండే రోలర్ ఒత్తిడి ఒక పక్క మారినా ఆ అంచు రంగు మారుతుంది. కోరా గుడ్డలో కనబడదు, వాషింగ్ అయ్యాకే పైకి వస్తుంది. 44 అంటే మూడు తానులు అయివుంటాయి, మూడు పదిహేనులు 45.

దుర్గం_యూనిట్: 34లో ఒకటి వాషింగులో చిరిగింది. లెక్క సరిపోయింది.

హిందూపురం_అక్క: నేను కటింగులో స్టిక్కర్ వేసే దాన్ని. తేడా వచ్చిన ప్రతిసారీ ముందు మా పేరే. మా యూనిట్లో పోయినేడు ఇలాగే 60 పీసులకు నా జీతంలో కోశారు. మార్కర్ ఎవరూ విప్పి చూడలేదు. దుర్గం అన్నా, మీరు ఎవరి జీతం పట్టారు?

దుర్గం_యూనిట్: స్టిక్కర్ వేసే ఇద్దరివి, చెరి వారం.

హిందూపురం_అక్క: మార్కర్ మార్చమన్నది మీరు, పోగొట్టుకున్నది వాళ్ళు!

లైన్_సూపర్వైజర్: అక్కా, ఎవరో ఒకరు కట్టాలి కదా. బళ్ళారి వ్యాపారి పీసు డబ్బు పట్టుకుంటే ఓనర్ ఎక్కడినుంచి తెస్తాడు? పీసు రేటు పెరగడం లేదు. అందుకే కదా మార్కర్ బిగించేది, తానులన్నీ ఒకే లేలో వేసేది. షేడ్ చూస్తూ కూర్చునే టైం మాకెవరిచ్చారు?

పాత_కటింగ్_మాస్టర్: ఇప్పుడు అసలు మాట అన్నావు తమ్ముడూ. నంబర్ గొడవ కాదిది, ఒక రోజు గొడవ. ప్రతి తాను మొదట్లో జానెడు పట్టీ నిండు వెడల్పుతో కోయండి. దాంట్లోంచి పై అంచు, మధ్య, కింది అంచు ముక్కలు తీసి పక్కపక్కనే కుట్టండి, వెనక తాను నంబర్ చెరగని ఇంకుతో రాయండి. ఆరు తానులవీ ఒకే గుడ్డగా జోడించి, ప్యాంట్లకు చేయించే వాషే చేయించండి. ట్యూబులైటు కింద కాదు, పొద్దున నీడపట్టున చూడండి. కలిసే తానులు ఒక లే, కలవనివి ఇంకో లే. అంచు తేడా ఉన్న తానుకు ఒకే ప్యాంటు ముక్కలు పక్కపక్కన ఉండే మార్కరే వాడాలి, గుడ్డ ఎక్కువ పోయినా సరే. ఇంత చేసినా స్టిక్కర్ మాత్రం ఆపకూడదు.

లైన్_సూపర్వైజర్: వాషింగ్ వాళ్ళు ఆ ఒక్క ముక్కకు మెషిన్ వేయరు. వేరే లోడుతో కలిపి వేసేసరికి రెండు రోజులు. లే రెండు వేస్తే టేబుల్ పని ఇంకో పూట. మీరు చెప్పింది పెద్ద ఫ్యాక్టరీలో నడుస్తుంది.

పాత_కటింగ్_మాస్టర్: తానులు దిగిన రోజే పట్టీ పంపితే మార్కర్ తయారయ్యేలోపు వస్తుంది. జిప్పులు, బటన్ల లాంటి ట్రిమ్స్ కోసం ఎలాగూ ఆగుతారు కదా.

దుర్గం_యూనిట్: మిగిలిన ఎండ్ బిట్ల నుంచి పట్టీలు తీసి వాషింగుకు పంపా, ఈ రోజు వచ్చాయి. మూడు తానులకు పై అంచు ముక్క ముదురు. పొద్దున వాకిట్లో పెడితే గీత గీసినట్టుంది. ఆ 44కు పట్టిన జీతం తిరిగి ఇచ్చేస్తా. మరి ఆ 15?

పాత_కటింగ్_మాస్టర్: కట్ట చివరి నంబర్ రాసి పెట్టారా? అన్ని కట్టలూ 90 దగ్గర ఆగాలి. 89 దగ్గర ఆగితే దాంట్లో ఒకటి తప్పినట్టే, కుట్టుకు పోకముందే దొరికేది.

దుర్గం_యూనిట్: రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా. అయినా ఆ 15 స్టిక్కర్ పొరపాటే కదా, అది వాళ్ళ మీదే ఉంచుతా.

హిందూపురం_అక్క: 90 ముక్కల కట్టలు, సాయంత్రం ఐదు తర్వాత, ఒక్క లైటు కింద. చివరి నంబర్ చూసే మనిషిని పెట్టకుండా ఆ 15 వాళ్ళవి అంటే నేనొప్పుకోను.